అలుగున్న బ్యాటరీ

ఆసుపత్రి మెట్ల దగ్గర, సినిమా హాలు తలుపు పైన, ఆఫీసు వరండా చివర పచ్చగా వెలిగే ఎగ్జిట్ బోర్డును రోజూ చూస్తూనే ఉంటాం. కరెంటు పోయిన క్షణంలో అదీ, దాని పక్కనున్న ఎమర్జెన్సీ లైటూ వెలగాలి. పొగలోనైనా చీకట్లోనైనా మెట్లు కనిపించాలి, జనం తొక్కిసలాట లేకుండా కిందికి దిగాలి. ఆ వెలుగంతా దీపం పెట్టెలోనో, దాని వెనక ఫాల్స్ సీలింగ్ పైనో దాగి ఉన్న చిన్న బ్యాటరీ ప్యాక్ నుంచి వస్తుంది. అరచేతిలో ఇమిడే మూడు సెల్స్, వాటి చుట్టూ బిగించిన ప్లాస్టిక్ తొడుగు, రెండు వైర్లు: ప్యాక్ అంటే అంతే.

దాని ఉద్యోగం మాత్రం చాలా కఠినం. ఏళ్ల తరబడి ఇరవై నాలుగు గంటలూ చార్జింగ్‌లోనే ఉంటుంది. సెలవు లేదు, స్విచ్ ఆఫ్ చేసే నాథుడు లేడు. మన దేశపు నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం కరెంటు పోయాక ఎమర్జెన్సీ లైటింగ్ కనీసం గంటన్నర వెలగాలి. బ్రిటన్‌లో చాలా భవనాలకు మూడు గంటలు అడుగుతారు. ఆ అవసరం ఏ రాత్రి పడుతుందో ఎవరికీ తెలియదు. పైగా ప్యాక్ కూర్చునే చోటు చల్లనిది కాదు. పక్కనే దీపాన్ని నడిపే సర్క్యూట్ వేడెక్కుతుంటుంది, ఫాల్స్ సీలింగ్ పైన గాలి ఆడదు. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటుతుంటే ఆ ఇరుకులో 50 తాకడం వింతేమీ కాదు.

ఇంత వేడిలో, ఇంత నిరంతర చార్జింగ్‌లో నాలుగేళ్లు నిలబడగల చవకైన సెల్ కోసం వెతికిన ఇంజనీర్లకు దశాబ్దాల పాటు ఒకే జవాబు దొరికింది: నికెల్-కాడ్మియం. ఎమర్జెన్సీ లైట్ల అంతర్జాతీయ ప్రమాణం బ్యాటరీకి కనీసం నాలుగేళ్ల ఆయుష్షు ఉండాలని అడుగుతుంది. అది ఆ సెల్ నిలబెట్టుకోగలిగిన మాట. ఇప్పుడు అదే సెల్‌ను కొత్త లైట్లలోంచి ఒక్కొక్కటిగా తీసేస్తున్నారు. దాన్ని అంత ఓర్పుగా నిలబెట్టిన లోహమూ, దాన్ని తీసేయడానికి కారణమైన లోహమూ ఒకటే: కాడ్మియం.

పలకలు, వాటి మధ్య క్షారం

నికెల్-కాడ్మియం సెల్‌ను స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లో తయారుచేశాడు. లోపల రెండు పలకలు ఉంటాయి. పాజిటివ్ పలక నికెల్ హైడ్రాక్సైడ్, నెగెటివ్ పలక కాడ్మియం. వాటి మధ్య సన్నటి గుడ్డలాంటి పొర ఉంటుంది. దాన్ని సెపరేటర్ అంటారు. ఆ పొర పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో తడిసి ఉంటుంది. గుండ్రటి సెల్‌లో ఈ మూడింటినీ చాపలా చుట్టి ఉక్కు డబ్బాలో దూర్చి మూత బిగిస్తారు. ఒక్కో సెల్ 1.2 వోల్టులు ఇస్తుంది. మూడు వరసగా కలిపితే 3.6 వోల్టుల ప్యాక్ అవుతుంది.

ఈ అమరికలో మొదట గమనించాల్సింది ఆ ద్రావణం ప్రవర్తన. కారు బ్యాటరీలాంటి సీసం బ్యాటరీలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పలకలతో కలిసి ఖర్చవుతుంది, చార్జింగ్ పెడితే తిరిగి వస్తుంది. ఆ ఆమ్లమే పలకల లోపలి సీసపు జాలీని మెల్లగా తినేస్తుంది కూడా. నికెల్-కాడ్మియంలో క్షార ద్రావణం అలా పలకలలోకి పోయి ఇరుక్కోదు. ఒక పలక దగ్గర ఖర్చైన అయాన్లు రెండో పలక దగ్గర పుట్టుకొస్తాయి. ఆ క్షారం ఉక్కునూ నికెల్‌నూ తినదు. అందుకే పలకలను మోసే నికెల్ పూత ఉక్కు అస్థిపంజరం ఏళ్లు గడిచినా గట్టిగానే ఉంటుంది.

దీనివల్ల మొరటు వాడకాన్ని తట్టుకునే గుణం వస్తుంది. సీసం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే కొన్ని వారాల్లోనే పలకల మీద సీసం సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ చార్జ్ తీసుకోలేనంతగా పాడవుతుంది. నికెల్-కాడ్మియం సెల్‌ను ఖాళీగానే నెలల తరబడి అలమరలో పెట్టినా తిరిగి చార్జింగ్ పెడితే లేచి కూర్చుంటుంది. కడుతున్న భవనాల్లో ఇది చాలా అక్కరకొచ్చింది. లైట్లు బిగించాక కరెంటు రాకపోకల మధ్య ప్యాక్ పదేపదే పూర్తిగా ఖాళీ అవుతుంది. అలాంటి చోట వేరే బ్యాటరీలు పని మొదలుపెట్టక ముందే చచ్చిపోయేవి.

నిండిన తర్వాత ఏమవుతుంది

అసలు విశేషం ప్యాక్ నిండిన తర్వాత మొదలవుతుంది. ఎమర్జెన్సీ లైటులో చార్జర్ చాలా సాదా వస్తువు. ప్యాక్ ఖాళీగా ఉందా, నిండిందా అని అది చూడదు. ఒకే చిన్న కరెంటును పగలూ రాత్రీ పంపిస్తూనే ఉంటుంది. 4 ఆంపియర్-అవర్ల సెల్‌కు మామూలుగా 200 మిల్లీఆంపియర్లు పంపిస్తారు. ఆ లెక్కన ఒకటి రెండు రోజుల్లో సెల్ నిండిపోతుంది. తర్వాత నాలుగేళ్ల పాటు ఆ 200 మిల్లీఆంపియర్లు ఎక్కడికి పోతాయి?

చెరువుకు అలుగు ఉంటుంది. నిండిన తర్వాత వచ్చిన నీరు కట్టను కోయకుండా అలుగు మీదుగా పారి వెళ్లిపోతుంది. మూత బిగించిన నికెల్-కాడ్మియం సెల్‌లో అలాంటి అలుగును రసాయనంతోనే కట్టారు. ఆ కిటుకు ఇలా ఉంటుంది. సెల్ తయారుచేసేటప్పుడే నెగెటివ్ వైపు కాడ్మియం పలకను కావాలని పెద్దదిగా చేస్తారు. దాంతో చార్జింగ్‌లో పాజిటివ్ పలక ముందు నిండుతుంది, నెగెటివ్ పలకలో ఇంకా ఖాళీ మిగిలి ఉంటుంది. నిండిపోయిన పాజిటివ్ పలక దగ్గర ఇక చార్జ్ దాచుకునే చోటు లేదు గనుక అదనపు కరెంటు అక్కడి హైడ్రాక్సైడ్ అయాన్ల నుంచి ఆక్సిజన్ పుట్టిస్తుంది. ఆ ఆక్సిజన్ సెపరేటర్ రంధ్రాల గుండా అవతలికి పాకి కాడ్మియంను తాకుతుంది. కాడ్మియం దాన్ని పట్టుకుని, నీటితో కలిపి కాడ్మియం హైడ్రాక్సైడ్‌గా మారిపోతుంది. కాడ్మియం హైడ్రాక్సైడ్ అంటే చార్జ్ లేని కాడ్మియమే.

నెగెటివ్ పలకను ఒకవైపు కరెంటు నింపుతుంటే మరోవైపు ఆక్సిజన్ అంతే వేగంతో ఖాళీ చేస్తుంటుందన్నమాట. ఆ పలక ఎప్పటికీ పూర్తిగా నిండదు. నిండదు కాబట్టి అక్కడ హైడ్రోజన్ పుట్టదు. లోపల వాయువు పేరుకోదు, డబ్బా ఉబ్బదు, నీరు తగ్గదు. వచ్చిన కరెంటంతా వేడిగా మారి ఉక్కు డబ్బా గోడల్లోంచి బయటికి పోతుంది. ఇలా ఆక్సిజన్‌ను లోపలే మింగేసే పద్ధతిని ఉపయోగించి 1947లో గియోర్గ్ నోయ్‌మన్ పూర్తిగా మూసిన సెల్‌ను సాధించాడు. నీళ్లు పోయాల్సిన పనిలేకుండా, ఏ దిక్కుకు తిప్పి పెట్టినా కారకుండా దీపం పెట్టెలో బిగించగల సెల్ అలా చేతికొచ్చింది.

ఈ అలుగుకూ ఒక హద్దు ఉంది. ఆక్సిజన్ పుట్టే వేగం, కాడ్మియం దాన్ని మింగే వేగాన్ని మించకూడదు. సెల్ సామర్థ్యంలో పదో వంతు కరెంటు వరకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఎమర్జెన్సీ లైట్లలో ఇంకా తగ్గించి ఇరవయ్యో వంతు దగ్గర నిలుపుతారు. అంతకు చాలా ఎక్కువ పంపితే లోపల పీడనం పెరిగి, మూతలోని చిన్న సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటుంది. వాయువుతో పాటు కొంత తేమ బయటికి పోతుంది. ఆ తేమ తిరిగి రాదు.

వేడిని ఎలా తట్టుకుంటుంది

నికెల్-కాడ్మియంకు వేడి నచ్చుతుందని కొందరు అనుకుంటారు. నిజానికి వేడి దానికీ శత్రువే. కాకపోతే తట్టుకునే శక్తి దానికి ఎక్కువ, ఆ శక్తిని పెంచే దారులు తయారీదారులకు బాగా తెలుసు.

వేడిలో మొదట దెబ్బతినేది పాజిటివ్ పలక చార్జ్ తీసుకునే గుణం. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆక్సిజన్ తొందరగా పుడుతుంది. పలక నిండక ముందే అలుగు పారడం మొదలవుతుంది, వచ్చిన కరెంటులో కొంత దాచుకోకుండానే వృథా అవుతుంది. బొమ్మల్లో వాడే మామూలు నికెల్-కాడ్మియం సెల్‌ను 50 డిగ్రీల దగ్గర ఎన్ని రోజులు చార్జ్ చేసినా పూర్తిగా నిండదు. ఎమర్జెన్సీ లైట్ల కోసం చేసే ప్రత్యేక సెల్స్‌లో పాజిటివ్ పలకలో కొద్దిగా కోబాల్ట్, ద్రావణంలో కొద్దిగా లిథియం హైడ్రాక్సైడ్ కలుపుతారు. ఇవి ఆక్సిజన్ పుట్టుకను కొంచెం ఆలస్యం చేస్తాయి, ఆ లోపు పలక నిండుతుంది.

రెండో బలహీనత సెపరేటర్. పాతకాలం సెల్స్‌లో నైలాన్ వాడేవారు. వేడి క్షారంలో, ఆక్సిజన్ మధ్య నైలాన్ మెల్లగా కుళ్లి విరిగిపోతుంది. అధిక ఉష్ణోగ్రత రకం సెల్స్‌లో దాని బదులు పాలీప్రొపిలీన్ పొర వాడతారు. దాన్ని వేడి క్షారం అంత తేలిగ్గా కరిగించలేదు. చూడటానికి రెండు సెల్స్ ఒకేలా ఉంటాయి, బరువూ కొలతలూ ఒకటే. ధరలో తేడా ఉంటుంది, నాలుగేళ్ల తర్వాత పనిలో ఇంకా పెద్ద తేడా ఉంటుంది. బజారులో తక్కువకు దొరికే మామూలు సెల్స్‌తో ప్యాక్ కట్టి ఎమర్జెన్సీ లైటులో పెడితే రెండు వేసవులు గడవక ముందే తేలిపోవడానికి కారణం ఇదే.

పచ్చ లైటు చెప్పని సంగతి

ఇంత ఓర్పున్న సెల్ కూడా ఒకరోజు పోతుంది. అది పోయే తీరును అర్థం చేసుకోకపోతే ప్రాణాల మీదికొస్తుంది. ఎందుకంటే బయటికి ఏమీ కనిపించదు.

దీపం పెట్టె మీద ఒక చిన్న పచ్చ లైటు ఉంటుంది. భవనం చూసుకునే వాచ్‌మన్‌నో, మెయింటెనెన్స్ కుర్రాడినో అడిగితే “పచ్చ లైటు వెలుగుతోంది కదండీ, బ్యాటరీ బాగానే ఉంది” అంటారు. ఆ లైటు చెప్పేది ఒక్కటే: చార్జర్ నుంచి బ్యాటరీ వైపు కరెంటు పారుతోంది. బ్యాటరీలో చార్జ్ ఎంత మిగిలిందో దానికి తెలియదు. లోపల ఒక సెల్ షార్ట్ అయిపోయినా కరెంటు పారుతూనే ఉంటుంది, పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. టెస్ట్ బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి చూడటం కూడా దాదాపు అంతే. పదో వంతు ప్రాణం మిగిలిన ప్యాక్ కూడా మూడు సెకన్ల పాటు దీపాన్ని చక్కగా వెలిగిస్తుంది.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. మూడు గంటలు వెలగాల్సిన ఎమర్జెన్సీ లైటు ఒకటి. అందులో 4 ఆంపియర్-అవర్ల సెల్స్ మూడు ఉన్నాయి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు దీపం దాదాపు 1.1 ఆంపియర్లు లాగుతుంది. ప్యాక్ కొత్తగా ఉన్నప్పుడు మూడున్నర గంటల పైన వెలిగింది. అయిదో ఏట మెయిన్స్ ఆపి గడియారం పెట్టి చూస్తే నలభై నిమిషాలకే ఆరిపోయింది. లెక్క వేస్తే బ్యాటరీ నుంచి వచ్చింది ముప్పావు ఆంపియర్-అవర్ కన్నా తక్కువ. అసలు సామర్థ్యంలో అయిదో వంతు కూడా మిగల్లేదు. ఆ నలభై నిమిషాల ముందు వరకూ పచ్చ లైటు నిశ్చింతగా వెలుగుతూనే ఉంది.

పెట్టె తెరిచి మల్టీమీటర్ పెడితే జబ్బు ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది. చార్జింగ్‌లో ఉన్న ఆరోగ్యవంతమైన సెల్ 1.4 వోల్టుల దగ్గర ఉంటుంది, అంటే మూడింటికి కలిపి 4.2 చుట్టుపక్కల. బాగా వేడిగా ఉన్నప్పుడు ఇంకొంచెం తక్కువ చూపిస్తుంది. మీటరు 2.8 దగ్గర ఆగిందంటే ఒక సెల్ పూర్తిగా షార్ట్ అయిందన్నమాట. ఏళ్ల తరబడి నిరంతరం చార్జింగ్‌లో ఉన్న కాడ్మియం మెల్లగా కరుగుతూ, మళ్లీ గడ్డకడుతూ పెద్ద స్ఫటికాలుగా ఎదుగుతుంది. వాటి కొనలు సెపరేటర్‌ను పొడుచుకుని అవతలి పలకను అందుకుంటాయి. దీనికి పూర్తిగా విరుద్ధమైన జబ్బు ఇంకొకటి ఉంది. చార్జింగ్‌లో మీటరు 4.8, 5 అని ఎక్కువ చూపిస్తే సంతోషించకూడదు. వాల్వ్ గుండా తేమ పోయి సెపరేటర్ ఎండిపోయింది, కరెంటు పారే దారి ఇరుకైంది. దీపం భారం పడగానే ఆ వోల్టేజీ ఒక్కసారిగా కూలిపోతుంది. ఇలాంటి సెల్స్ మూత దగ్గర తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. బయటికి కారిన పొటాషియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బనేట్‌గా మారడం వల్ల వచ్చే పొడి అది. చేతికి తగిలితే చర్మం మండుతుంది, కంట్లో పడితే ప్రమాదం. గ్లవ్స్ లేకుండా ముట్టకూడదు.

అందుకే అవసరమైన పరీక్ష ఒక్కటే. నెలకోసారి మెయిన్స్ ఆపి దీపం వెలుగుతోందో లేదో కొద్దిసేపు చూడాలి. ఏడాదికోసారి పూర్తి వ్యవధి, అంటే గంటన్నరో మూడు గంటలో, ఆరకుండా వెలుగుతుందో లేదో గడియారం పెట్టి చూడాలి. ఈ పరీక్ష పెట్టిన తర్వాత ప్యాక్ మళ్లీ నిండటానికి ఒక రోజు పడుతుంది. ఆ రోజంతా భవనానికి పూర్తి రక్షణ ఉండదు. అందుకని అన్ని లైట్లనూ ఒకే రోజు పరీక్షించకుండా విడతలవారీగా చూడాలి.

కాడ్మియం చేసిన కీడు

ఇంత పనికొచ్చే సెల్‌ను ఎందుకు వదిలేస్తున్నారు? మొదటి కారణం జపాన్‌లోని జింజు నది ఒడ్డున ఉంది.

కాడ్మియం కోసం ఎవరూ ప్రత్యేకంగా గనులు తవ్వరు. అది జింకు ఖనిజంతో కలిసి వచ్చి, జింకు శుద్ధిచేసేటప్పుడు విడిగా తేలే లోహం. తోయామా ప్రాంతంలో కమియోకా గని నుంచి వచ్చిన కాడ్మియం దశాబ్దాల పాటు జింజు నదిలో కలిసింది. రైతులు ఆ నీటినే వరి మళ్లకు పెట్టారు. వరి మొక్క నేలలోని కాడ్మియంను తేలిగ్గా పీల్చుకుని గింజలోకి పంపుతుంది. అన్నంతో పాటు ఏళ్ల తరబడి శరీరంలో చేరిన కాడ్మియం మూత్రపిండాలను దెబ్బతీసింది, ఎముకల్లో పటుత్వం పోయింది. ఎక్కువగా బాధపడింది వయసు మళ్లిన తల్లులు. చిన్న కుదుపుకే ఎముకలు విరిగి, భరించలేని నొప్పులతో మంచం పట్టారు. ఇతాయ్-ఇతాయ్ అని పేరుపడ్డ ఈ వ్యాధికి కాడ్మియమే కారణమని జపాన్ ప్రభుత్వం 1968లో అధికారికంగా గుర్తించింది.

ఈ లోహంతో వచ్చిన చిక్కు ఏమిటంటే శరీరం దాన్ని బయటికి పంపలేదు. మూత్రపిండాల్లో చేరిన కాడ్మియంలో సగం తగ్గడానికే పది నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మూడు పూటలా అన్నం తినే మనం జింజు కథను దూరదేశపు ముచ్చటగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

సెల్ మూత బిగించి ఉన్నంతకాలం దీపం కింద నడిచేవారికి ఏ ముప్పూ లేదు. ముప్పు సెల్ చచ్చిన తర్వాత మొదలవుతుంది. 4 ఆంపియర్-అవర్ల సెల్‌లో రసాయన లెక్క ప్రకారమే కనీసం 8 గ్రాముల కాడ్మియం పనిచేయాలి. అలుగు కోసం పెట్టిన అదనపు భాగం కూడా కలిపితే దాదాపు రెట్టింపవుతుంది. మూడు సెల్స్ ప్యాక్‌కు 50 గ్రాముల దాకా అనుకోవచ్చు. పెద్ద ఆసుపత్రిలో రెండు వందల లైట్లుంటే పది కిలోలు. నాలుగేళ్లకోసారి అవన్నీ మారాల్సిందే. తీసిన ప్యాక్‌లు చెత్తకుప్పలో పడితే ఉక్కు డబ్బా తుప్పుపట్టి కాడ్మియం నేలలోకి దిగుతుంది. చెత్తతో పాటు తగలబెడితే ఇంకా ఘోరం. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఆ పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఐరోపా సమాఖ్య 2006లో చిన్న బ్యాటరీల్లో కాడ్మియం బరువులో 0.002 శాతం మించరాదని నిబంధన పెట్టింది. కాకపోతే ఎమర్జెన్సీ లైటింగ్‌కు మినహాయింపు ఇచ్చింది. అంత వేడినీ, అంత నిరంతర చార్జింగ్‌నూ తట్టుకునే బదులు అప్పటికి దొరకలేదు. బిగించే మర, డ్రిల్ వంటి కార్డ్‌లెస్ పనిముట్లకు ఇచ్చిన మినహాయింపు 2016 చివరితో ముగిసింది. 2023లో వచ్చిన కొత్త బ్యాటరీ నిబంధనల్లో ఎమర్జెన్సీ లైట్లకు కూడా మినహాయింపు ఉంచలేదు. ఈ మధ్యకాలంలో బదులు దొరకడమే దానికి కారణం.

ఇదంతా చిన్న మూసిన సెల్స్ సంగతి. రైళ్లలో, విమానాల్లో, విద్యుత్ సబ్‌స్టేషన్లలో వాడే పెద్ద నికెల్-కాడ్మియం బ్యాటరీల దారి వేరు. వాటికి నీళ్లు పోస్తారు, లెక్కలు రాస్తారు, పాతవి రీసైక్లింగ్‌కు తిరిగి చేరతాయి. హైదరాబాద్‌కు చెందిన హెచ్‌బీఎల్ సంస్థ ఆ రకం బ్యాటరీలను దశాబ్దాలుగా తయారుచేస్తోంది. ఎవరి లెక్కలోనూ లేకుండా సీలింగ్ పైన చెల్లాచెదురుగా ఉన్న వేలాది చిన్న ప్యాక్‌లే అసలు సమస్య.

అలుగు మీద పోయే కరెంటు

రెండో కారణం కరెంటు బిల్లు. నిండిన ప్యాక్‌లోకి పారే 200 మిల్లీఆంపియర్లు 4.2 వోల్టుల దగ్గర సుమారు 0.84 వాట్ల వేడిగా మారతాయి. చార్జర్‌లో పోయే నష్టం కూడా కలిపి గోడ నుంచి ఒకటిన్నర వాట్లు లాగుతుందనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు, అంటే ఒక్కో లైటుకు 13 యూనిట్లు. రెండు వందల లైట్లున్న భవనంలో ఏడాదికి 2,600 యూనిట్లకు పైగా. ఆ కరెంటు ఒక్క క్షణం కూడా వెలుగు ఇవ్వలేదు. సెల్‌ను వేడి చేసి దాని ఆయుష్షును కొద్ది కొద్దిగా తగ్గించింది.

మూడో కారణం ఎల్ఈడీ. వెనకటి ఎమర్జెన్సీ లైట్లలో ఫ్లోరోసెంట్ ట్యూబును వెలిగించాలంటే నాలుగైదు వాట్లు కావాల్సి వచ్చేది. ఇప్పుడు అదే వెలుగు ఎల్ఈడీతో రెండు వాట్లలో వస్తుంది. మూడు గంటలకు 6 వాట్-అవర్లు చాలు. 3.2 వోల్టుల, 3 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఒక్కటి 9.6 వాట్-అవర్లు దాచుకుంటుంది. దాని బరువు 85 గ్రాముల చుట్టుపక్కల. పాత మూడు సెల్స్ ప్యాక్ బరువు నాలుగు వందల గ్రాముల దాకా ఉండేది.

బదులు వచ్చినవి

ముందు నికెల్ మెటల్ హైడ్రైడ్ వచ్చింది. అందులో పాజిటివ్ పలక అదే, కాడ్మియం బదులు హైడ్రోజన్‌ను దాచుకునే మిశ్రమలోహం ఉంటుంది. అలుగు దానికీ ఉంది గానీ బలహీనమైనది. వేడి క్షారంలో నిరంతరం ఆక్సిజన్ తగులుతుంటే ఆ మిశ్రమలోహం తుప్పుపట్టి ద్రావణంలోని నీటిని తాగేస్తుంది, సెల్ త్వరగా ఎండిపోతుంది. అందుకే దానికి కరెంటును కాసేపు పంపి, కాసేపు ఆపే చార్జర్ పెడతారు.

ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇందులో కాడ్మియం లేదు. ఆక్సిజన్ ఫాస్ఫేట్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది గనుక, మిగతా లిథియం రకాలతో పోలిస్తే మంట అంటుకునే ప్రమాదం చాలా తక్కువ. ఊరికే పెట్టినప్పుడు చార్జ్ కూడా నెమ్మదిగానే తగ్గుతుంది. అందువల్ల ఒకసారి నింపి చార్జింగ్ ఆపేసి, తగ్గినప్పుడు కొంచెం నింపితే సరిపోతుంది. ఎనిమిదేళ్ల ఆయుష్షుకు రూపొందించిన ప్యాక్‌లు మార్కెట్లో ఉన్నాయి.

ఈ సెల్‌కు మాత్రం అలుగు లేదు. నిండిన తర్వాత వచ్చే కరెంటును మింగే రసాయనం దాని లోపల ఏదీ లేదు. 3.65 వోల్టులు దాటి నెడితే లోపలి సేంద్రియ ద్రావణం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది, సెల్ ఉబ్బుతుంది. మరీ ఖాళీ చేసి వదిలేస్తే లోపలి రాగి రేకు కరిగి, తిరిగి చార్జ్ చేసేటప్పుడు షార్ట్ అవుతుంది. అందుకే ప్రతి ప్యాక్‌కూ ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు కాపలా ఉంటుంది. వోల్టేజీ పెరిగినా, తగ్గినా, వేడి మితిమీరినా అది దారి మూసేస్తుంది. వెనకటి సెల్‌లో రసాయనం చేసిన పనిని ఇక్కడ సర్క్యూట్ చేస్తోంది. ఆ సర్క్యూట్ నాణ్యత బాగుంటేనే బ్యాటరీ నాణ్యతకు విలువ.

దీన్నుంచి మనం గట్టిగా గుర్తుంచుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. పాత దీపం పెట్టెలో నికెల్-కాడ్మియం ప్యాక్ పోయిందని, అదే కొలతలున్న లిథియం ప్యాక్ తెచ్చి ఆ వైర్లకే బిగించకూడదు. పాత చార్జర్‌కు ఆగడం తెలియదు. మెటల్ హైడ్రైడ్ ప్యాక్ పెట్టినా ఏడాది రెండేళ్లలో ఎండిపోతుంది, పచ్చ లైటు మాత్రం యథాప్రకారం వెలుగుతూనే ఉంటుంది. పాత పెట్టెను ఇంకా వాడుకోవాలంటే అందులో మళ్లీ అధిక ఉష్ణోగ్రత రకం నికెల్-కాడ్మియం ప్యాకే పెట్టాలి. రకం మార్చాలంటే చార్జర్‌తో సహా మొత్తం లైటునే మార్చాలి.

మార్చిన తేదీని కొత్త ప్యాక్ మీదే చెరగని సిరాతో రాయించండి, లేకపోతే నాలుగేళ్లు ఎప్పుడు పూర్తయ్యాయో ఎవరికీ గుర్తుండదు. ఇక తీసిన పాత ప్యాక్‌ల సంగతి. వాటి మీద కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ, దాని కింద Cd అన్న అక్షరాలు ఉంటాయి. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను మామూలు చెత్తలో కలపకుండా సేకరణ కేంద్రాలకో, నమోదైన రీసైక్లింగ్ సంస్థలకో అప్పగించాలి. వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదీ దిగుమతిదారులదీ. ఎమర్జెన్సీ లైట్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు రాసుకునేటప్పుడే పాత ప్యాక్‌లు ఎక్కడికి పోతాయో అడిగి, అప్పగించినట్టు రసీదు ఇవ్వాలని షరతు పెట్టండి. అపార్ట్‌మెంట్ సంఘం కావచ్చు, బడి కావచ్చు, నర్సింగ్‌హోమ్ కావచ్చు, ఎవరైనా అడగగలిగిన కాగితమే అది. సీలింగ్ పైనుంచి దించిన కాడ్మియం ఏ చెరువులోకీ, ఏ వరి మడిలోకీ చేరలేదని చెప్పడానికి ఆ రసీదు తప్ప మన దగ్గర వేరే రుజువు ఉండదు.